ట్రనెక్సామిక్ యాసిడ్ రక్తాన్ని గడ్డకట్టిస్తుందా?

ప్రశ్న: పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువగా ఉందని డాక్టర్ ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాశారు. మా అక్కకి కాన్పయ్యాక ఇదే మందు ఇంజెక్షన్‌గా ఇచ్చారట. ఇది రక్తం గడ్డకట్టించే మందా? వేసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొత్తగా గడ్డ కట్టించదండీ. ఒంట్లో అప్పటికే కట్టిన గడ్డ కరిగిపోకుండా చూస్తుంది. నేను లేబర్ రూమ్‌లో నర్సుని, ఈ మందు తరచూ ఇస్తుంటాను.

రక్తం కారే చోట ఫైబ్రిన్ అనే సన్నని పోగులు అల్లుకుంటేనే గడ్డ నిలుస్తుంది. దాన్ని కరిగించే ఏర్పాటు కూడా రక్తంలోనే ఉంది. ప్లాస్మినోజెన్ అనే ప్రొటీన్, ఆ పోగుల మీద లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న చోట అంటుకుని, ప్లాస్మిన్‌గా మారి వాటిని తెంపేస్తుంది. ట్రనెక్సామిక్ యాసిడ్ ఆకారంలో లైసిన్‌ని పోలి ఉంటుంది. ప్లాస్మినోజెన్ దీన్నే పట్టుకుంటుంది కాబట్టి పోగులకు అంటుకోలేదు.

ఒకామెకి మాయ పడ్డాక కూడా రక్తం ఆగలేదు. పొట్ట మీద చెయ్యి పెడితే గర్భసంచి మెత్తగా తగిలింది. ఒకరు దాన్ని పైనుంచి రుద్దుతున్నారు, ఆక్సిటోసిన్ ఎక్కుతోంది. నేను 1 గ్రాము ట్రనెక్సామిక్ యాసిడ్ నరంలోకి 10 నిమిషాల పాటు నెమ్మదిగా ఇచ్చాను. గబగబా తోసేస్తే బీపీ పడిపోవచ్చు. 30 నిమిషాలైనా ప్యాడ్ తడుస్తూనే ఉండటంతో డాక్టర్ ఇంకో గ్రాము ఇమ్మన్నారు. తర్వాత తగ్గింది. అయితే గర్భసంచిని బిగించింది ఆక్సిటోసిన్. లోపల చిరుగు ఉంటే కుట్టాల్సిందే, ఈ మందు దానికి బదులు కాదు.

దీంట్లో టైమ్ చాలా ముఖ్యం. కాన్పయిన 3 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. సుమారు 20,000 మంది బాలింతలతో చేసి 2017లో ప్రచురించిన ఉమన్ ట్రయల్‌లో, 3 గంటల్లోపు మందు పడినవాళ్లలో రక్తస్రావంతో చనిపోయేవాళ్లు తగ్గారు, ఆలస్యమైనవాళ్లకి ఆ మేలు కనబడలేదు. ప్రమాదాల్లో గాయపడినవాళ్లకీ ఇదే 3 గంటల లెక్క. వాళ్లలో ఆలస్యంగా ఇస్తే కీడే జరిగినట్టు కనిపించింది. జీర్ణాశయంలో, పేగుల్లో రక్తస్రావానికి మాత్రం ఇది మరణాలను తగ్గించలేదని 2020లో వచ్చిన మరో పెద్ద ట్రయల్ చూపింది.

మీ మాత్రల సంగతికొస్తే, బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే వేసుకోవాలి. మామూలుగా 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులకు మించకుండా రాస్తారు. మీ చీటీలో ఎంతుంటే అంతే వేసుకోండి. ఇవి నెలసరి తేదీని మార్చవు. ఫైబ్రాయిడ్ లాంటి అసలు కారణం ఉంటే దాన్నీ తగ్గించవు. ఇదివరకెప్పుడైనా కాలిలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ గడ్డ కట్టినా, కిడ్నీ సమస్య ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా మొదటి మాత్ర వేసుకోకముందే డాక్టర్‌కి చెప్పండి. ఈ మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది కాబట్టి కిడ్నీ సరిగా లేనివాళ్లకు డోసు తగ్గిస్తారు. వాడుతుండగా ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, చూపు తేడా చేసినా మాత్రలు ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.