కుండ నీళ్ల జవాబు దిద్దబోయే ముందు

చిరంజీవి శారదకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదోని ఉన్నత పాఠశాలలో చేరావని, తొమ్మిదో తరగతి సైన్సు పత్రాలు ఇంటికి తెచ్చుకుని ప్రతి జవాబు కింద నాలుగు మాటలు రాసి ఇవ్వాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరువాత సైన్సు చెప్పబోయేది నువ్వే కాబట్టి సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే భయమూ వేసింది. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడి బడిలో తెలుగు రాసే పిల్లలు మీ ఊళ్లో చాలామంది ఉంటారు. నీ ఎర్ర సిరా వాళ్ల ఆలోచన కంటే ముందు వాళ్ల రాత మీద పడుతుందేమోనన్నదే నా భయం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. జవాబును ముందుగా నువ్వే ఒకసారి రాసి చూసుకో, పేరు చూడకుండా దిద్దు, పాఠం పిల్లలకు గుర్తుండగానే పత్రాలు తిరిగి ఇవ్వు. రాత్రి పొద్దుపోయాక మాత్రం దిద్దవద్దు, ఇది గట్టిగానే చెబుతున్నాను. అలసిన కంటికి అక్షరదోషాలు తప్ప మరేమీ కనబడవు.

ఇక అసలు విషయం. ఎండాకాలంలో మట్టికుండలో నీరు ఎందుకు చల్లగా ఉంటుందన్న ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. అనంతపురంలో నేను పనిచేసిన రోజుల్లో, తోటి మాస్టారు ఒకరు దిద్దిన రెండు జవాబులు ఇప్పటికీ నా మనసులో ఉన్నాయి. ఒక అబ్బాయి ఇలా రాశాడు: "కుండకు సన్న బొక్కలుంటాయి. నీళ్లు దాంట్లోంచి బయటికి ఊరి గాలికి ఆరిపోతాయి. ఆరేటప్పుడు లోపలుండే నీళ్ల వేడిని తీసుకోని పోతాయి. అందుకే సల్లగుంటాయి." ఒక అమ్మాయి రాసింది ఇది: "మట్టికుండకు సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. వాటి వద్ద బాష్పీభవనం జరుగుతుంది. రంధ్రాల గుండా చల్లని గాలి లోనికి ప్రవేశించి నీటి ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది."

ఆ మాస్టారు అబ్బాయి పత్రంలో 'సల్లగ', 'తీసుకోని', 'బొక్కలు' అన్న మాటలకు సున్నాలు చుట్టి, నాలుగు మార్కులకు ఒకటి వేసి, 'భాష మెరుగుపరచుకో' అని రాశారు. అమ్మాయికి మూడున్నర మార్కులు, ఒక 'బాగుంది' వచ్చాయి. ఆయన చెడ్డవారు కారు, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. అయినా ఆ రోజు ఆయన చేతిలో రెండు జవాబులూ తారుమారయ్యాయి. ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి నుంచి ఉష్ణాన్ని గ్రహిస్తుందన్న కార్యకారణ సంబంధాన్ని అబ్బాయి పూర్తిగా పట్టుకున్నాడు, అతనికి లేనిది పాఠ్యపుస్తకపు మాట మాత్రమే. అమ్మాయికి మాటలన్నీ ఉన్నాయి కానీ, చల్లదనానికి ఆమె చెప్పిన కారణమే తప్పు. బయట నలభై డిగ్రీల ఎండ కాస్తుంటే లోపలికి పోవడానికి చల్లని గాలి ఎక్కడిది? ఆ తరువాత ఆ అబ్బాయి గైడులోని వాక్యాలను బట్టీపట్టి, అర్థం కాకపోయినా తప్పులు లేకుండా రాయడం నేర్చుకున్నాడు. అమ్మాయి ఆ చల్లని గాలితోనే పై తరగతికి వెళ్లింది. నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించింది రెండోదే, ఎందుకంటే ఆ పొరపాటు ఎవరి కంటా పడలేదు.

కాబట్టి ప్రతి జవాబునూ రెండుసార్లు చదువు. మొదటిసారి కలం పక్కన పెట్టి, 'ఈ బిడ్డ దేన్ని కారణమంటోంది?' అని మాత్రమే వెదుకు. కారణం చెప్పిన వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, దాన్ని మీ ఇంటి మాటల్లో మనసులో తిరిగి చెప్పుకో. అలా చెప్పుకున్నప్పుడు అది నిజమైతే దోషం రాతలోనే ఉంది. అప్పటికీ తప్పుగానే ఉంటే దోషం భావనలో ఉంది. అక్షరాలు, వాక్యనిర్మాణం, పారిభాషిక పదాలు రెండోసారి చదివినప్పుడు చూసుకోవచ్చు.

అయితే కొన్ని వాక్యాలు ఎటూ తేలవు. 'బాష్పీభవనం వల్ల వేడి విడుదలవుతుంది' అని చాలామంది రాస్తారు. వేడి నీటిని వదిలి పోతుందని చెప్పబోయి మాట తప్పిందా, లేక ఆవిరి కావడం వల్ల వేడి పుడుతుందనే అనుకుంటున్నారా అన్నది కాగితం చెప్పదు. అలాంటి చోట నువ్వు ఊహించి మార్కు వేయకు. 'వేడి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో కుండ బొమ్మ వేసి బాణంతో చూపు' అని రాసి ఇవ్వు. బాణానికి వ్యాకరణం అక్కరలేదు. 'నీరు కారిపోతుంది కాబట్టి చల్లబడుతుంది' అన్న వాక్యమూ ఇలాంటిదే. కారడం వేరు, ఆవిరి కావడం వేరు, ఉత్త కారడం వల్ల లోపలి నీరు చల్లబడదు. అక్కడ ఒక్క క్రియాపదమే భావనంతా మోస్తోంది కాబట్టి దాన్ని భాషాదోషమని వదిలేయకూడదు.

భావన తేల్చుకోవడానికి అడిగే ప్రశ్నను చాలా జాగ్రత్తగా ఎంచుకోవాలి తల్లీ. 'కుండకు బయట రంగు పూస్తే నీరు చల్లబడుతుందా?' అని అడిగితే ఏమీ తేలదు. రంగు రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి, ఆవిరి సంగతి తెలిసినవారూ చల్లని గాలిని నమ్మేవారూ ఒకేలా 'అంతగా చల్లబడదు' అంటారు. దానికి బదులు, 'స్టీలు బిందెకు తడిగుడ్డ చుట్టి, గాలి వచ్చే నీడలో పెడితే లోపలి నీరు చల్లబడుతుందా?' అని అడుగు. బిందెకు రంధ్రాలు లేవు కాబట్టి చల్లని గాలిని నమ్మేవారు చల్లబడదంటారు. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బిందె గోడ గుండా ఉష్ణాన్ని గ్రహిస్తుందని తెలిసినవారు చల్లబడుతుందంటారు. చల్లబడదన్న బిడ్డను 'ఎందుకు?' అని ఇంకొక్క మాట అడుగు. ఆవిరి సంగతి తెలిసి కూడా మట్టి రంధ్రాలు ఉంటేనే పని జరుగుతుందనుకునేవారు కొందరుంటారు. వారిది చిన్న సవరణతో పోయే పొరపాటు.

ఈ లెక్క నీకు తెలిసి ఉండాలి, ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కుండ నీటికి ఉండే వేడిమి దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీలు కావాలి. పది లీటర్ల కుండ నుంచి నూరు గ్రాములు ఆవిరైతే, బయటి నుంచి వేడి చేరకుండా ఉన్నట్లయితే, మిగిలిన నీరు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. నిజానికి బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత తగ్గదు. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడమే మందగిస్తుంది, అందుకే పొడిగాలి వీచే మన ఎండల్లో కుండ బాగా పనిచేస్తుంది.

రాసి ఇచ్చేటప్పుడు భావనాదోషానికి ఒక్క ప్రశ్న చాలు, సరైన జవాబు నువ్వే రాసిపెట్టకు. ఆ అమ్మాయి పత్రం నీ చేతికి వస్తే, 'బయటి గాలి లోపలి నీటి కంటే వేడిగా ఉన్న రోజున ఏం జరుగుతుంది?' అని రాసి ఆ మూడో వాక్యాన్నే తిరిగి రాయమను. ఆ అబ్బాయి పత్రం వస్తే, ముందు 'నీ కారణం సరైనది' అని రాయి. దాని కింద, 'గాలికి ఆరిపోవడాన్ని పాఠంలో బాష్పీభవనం అంటారు, ఆ మాట వాడి చివరి రెండు వాక్యాలు మళ్లీ రాయి' అను. 'సల్లగ'ను 'చల్లగా' అని పక్కన రాసి చూపితే సరిపోతుంది, దానికి మార్కు తగ్గించకు. పారిభాషిక పదం లేనందుకు అర మార్కు తగ్గించాల్సి వస్తే, అది పదానికి తగ్గిందని స్పష్టంగా రాయి, లేకపోతే తన ఆలోచనే తప్పనుకుంటాడు. ఒక పత్రంలో భాషాదోషాలు రెండింటికి మించి ఎత్తిచూపవద్దు. మిగిలినవి వచ్చే పరీక్షలో కనబడతాయి.

తిరిగి ఇచ్చిన రోజున ఆ వాక్యాలు తరగతిలోనే రాయించు, ఇంటికి పంపితే గైడు తిరిగి వస్తుంది. దసరా సెలవులకు వచ్చేటప్పుడు నీకు ఎటూ తేలని జవాబులు నాలుగైదు కాపీ చేసుకుని పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. వేళకు భోంచెయ్యి.

నీ పెద్దమ్మ