సిమెంట్ కంపెనీ హోటల్ కడితే ఏ బీటా వాడాలి?

ప్రశ్న: మాది లిస్టెడ్ సిమెంట్ కంపెనీ, బీటా 0.85. విశాఖలో హోటల్ కట్టాలనుకుంటున్నాం, 40 శాతం అప్పుతో. మా బీటానే వాడొచ్చా? హోటల్ కంపెనీల బీటాలు చూస్తే ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు:

మీ బీటా వాడకండి. బీటా అంటే మార్కెట్ కదిలినప్పుడు షేరు ఎంత కదులుతుందో చెప్పే కొలత. 0.85 అనేది సిమెంట్ రిస్కు, దాని మీద మీ కంపెనీ అప్పు. హోటల్ గదుల గిరాకీకి దాంతో సంబంధం లేదు. కొన్నేళ్లుగా కొత్త వ్యాపారాల ప్రతిపాదనలు పరిశీలించే పనిలో ఉన్నాను. లెక్క తప్పేది ఎక్కువగా ఫార్ములాలో కాదు, అందులో వేసే అప్పు అంకె దగ్గరే.

ముందు హోటళ్లే ప్రధాన వ్యాపారంగా ఉన్న కంపెనీలను ఎంచుకోండి. ఐటీసీ హోటల్స్ 2025 జనవరిలో విడిగా లిస్టయింది. అంతకుముందు ఐటీసీ బీటాలో సిగరెట్లు, కాగితం, ఆహార పదార్థాలు అన్నీ కలిసి ఉండేవి కాబట్టి హోటల్ ప్రాజెక్టుకు అది పనికొచ్చేది కాదు. ఛాలెట్ హోటల్స్ లాంటి వాటికి ఆఫీసు స్థలాల అద్దె ఆదాయం కూడా ఉంటుంది. సెగ్మెంట్ రిపోర్టు చూసి, ఆ వాటా ఎక్కువనిపిస్తే పక్కన పెట్టండి.

బీటాలు ఒక్కోలా ఉండటానికి ఒక పెద్ద కారణం ఒక్కో కంపెనీ అప్పు ఒక్కోలా ఉండటం. అందుకే ముందు అప్పు ప్రభావం తీసేసి, అంటే అన్‌లీవర్ చేసి, మిగిలిన వ్యాపార రిస్కును, అంటే అసెట్ బీటాను, పోల్చాలి.

```
అసెట్ బీటా = ఈక్విటీ బీటా / (1 + (1 - t) × D/E)
```

ఇక్కడ t పన్ను రేటు, D/E డెట్-ఈక్విటీ నిష్పత్తి. ఈక్విటీకి మార్కెట్ విలువ తీసుకోండి, బ్యాలెన్స్ షీట్‌లోది కాదు. అర్థం కావడానికి మూడు ఊహాజనిత హోటల్ కంపెనీలు తీసుకుందాం. పన్ను 25 శాతం అనుకుందాం.

మొదటిదాని బీటా 1.20, D/E 0.20. 1.15తో భాగిస్తే 1.04. రెండోది 1.45, D/E 0.60. 1.45తో భాగిస్తే సరిగ్గా 1.00. మూడోది 1.05, దాదాపు అప్పే లేదు, D/E 0.05. వచ్చేది 1.01. పైకి 1.05 నుంచి 1.45 దాకా చెల్లాచెదురుగా కనిపించినవి అప్పు తీసేయగానే ఒక్క చోటికి వచ్చాయి. నిజం కంపెనీలతో ఇంత దగ్గరగా రావు. ఏదైనా ఒకటి మరీ దూరంగా ఉంటే మాత్రం ఎందుకో వెతకండి. సగటు 1.02.

ఇక మీ ప్రాజెక్టు. అదే ఫార్ములాను తిప్పి అసెట్ బీటాకు మీ అప్పు ప్రభావం తిరిగి కలపాలి, దీన్నే రీలీవర్ చేయడం అంటారు. 40 శాతం అప్పు అంటే D/E 0.40 కాదు. 40ని 60తో భాగించాలి, 0.67 వస్తుంది. పన్ను తీసేస్తే 0.50, కాబట్టి 1.02 × 1.50 = 1.53. ఇదీ మీ బీటా. 0.40 వేస్తే 1.33 దగ్గర ఆగిపోతుంది. రిస్కు లేని రేటు 7 శాతం, మార్కెట్ ప్రీమియం 6 శాతం అనుకుంటే ఈక్విటీ ఖర్చు, అంటే 7 + బీటా × 6, 16.2 శాతం రావాల్సిన చోట 15 వస్తుంది. మీ సిమెంట్ బీటాతో అయితే 12.1 మాత్రమే. ఆ రేటుతో చూస్తే చాలా హోటళ్లు లాభసాటిగానే కనిపిస్తాయి, ప్రమాదం అక్కడే.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. బీటాను గత ఐదేళ్ల షేరు ధరల నుంచి లెక్కిస్తాం, అప్పును మాత్రం నిన్నటి బ్యాలెన్స్ షీట్ నుంచి తీసుకుంటాం. పై రెండో కంపెనీ ఐదేళ్లలో సగటున 0.60 నిష్పత్తితో నడిచి, ఈమధ్యే అప్పు తీర్చి 0.20కి దిగిందనుకోండి. దాని 1.45ను నేటి 0.20తో అన్‌లీవర్ చేస్తే 1.00 బదులు 1.26 వస్తుంది. అసలు రిస్కు పెరగలేదు, పాత అప్పు ప్రభావం వ్యాపారం ఖాతాలో పడింది. ఈ ఒక్క పొరపాటుతోనే మీ ప్రాజెక్టు బీటా 1.53 నుంచి 1.66కి పోతుంది. ఒక ప్రాజెక్టు రిపోర్టులో ఇదే చూశాను. కోవిడ్‌లో హోటళ్ల షేర్లు పడి D/E పెరిగి, తర్వాత షేర్లు లేచి అది తగ్గిన కాలం. కాబట్టి బీటా ఏ కాలానిదో, D/E సగటు కూడా ఆ కాలానిదే తీసుకోండి.

ఈ ఫార్ములాకు హద్దు ఉంది. అప్పు ఇచ్చినవాళ్లకు మార్కెట్ రిస్కేమీ లేదని ఇది అనుకుంటుంది. 40 శాతం దగ్గర పెద్దగా తేడా రాదు. ప్రమోటర్లు 70 శాతం అప్పు అంటే మాత్రం D/E 2.33 అయి, బీటా 2.8కి చేరుతుంది. ఆ స్థాయిలో బ్యాంకు కూడా వ్యాపార రిస్కులో కొంత మోస్తుంది కాబట్టి ఈ అంకె ఎక్కువ చెబుతోందని అర్థం. పైగా ఆ అప్పు ఏటా తీరుతూ ఉంటే ఒక్క నిష్పత్తి మొత్తం కాలానికి సరిపోదు. అప్పుడు రీలీవర్ చేయకుండా, 1.02 అసెట్ బీటాతో వచ్చే 13.1 శాతంతో ప్రాజెక్టు విలువ కట్టి, వడ్డీ మీద పన్ను ఆదాను విడిగా లెక్కించి కలపండి.