హారికకు సంగీతం టీచరును చూసేటప్పుడు

చి. ల. సౌ. లావణ్యకు,

ఒంగోలు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. హారికకు సంగీతం టీచరును మారుస్తున్నామని, మీ నెల్లూరులోనే మూలాపేటలో ఒకావిడ, మాగుంట లేఅవుట్‌లో ఒకాయన ఉన్నారని, వాళ్ళను ఏం అడగాలో తోచడం లేదని రాశావు. నీకు సంగీతం రాదని మొహమాటపడకు. తెలుసుకోవలసిన వాటిలో చాలావరకు కళ్ళతో చూస్తే తెలిసేవే.

ముందు హారిక సంగతి చెబుతాను. ఆరు నెలల్లో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అయిపోయి మలహరి రాగంలో గీతం కూడా వచ్చేసిందని నువ్వు సంబరంగా వీడియో పంపావు. గొంతు బాగుంది. కానీ మొదటి సరళీ వరుసను మూడు కాలాల్లో పాడమన్నప్పుడు దాని చెయ్యి గమనించావా? ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆ తర్వాత దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. మొదటి కాలంలో లెక్కకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పడాలి. చెయ్యి మాత్రం మూడింట్లోనూ ఒకే నడకలో ఉండాలి. మొదటి కాలంలో స నుంచి పైకి పోవడానికే ఒక ఆవర్తం, అంటే ఎనిమిది లెక్కల చుట్టు ఒకటి పడుతుంది. రెండో కాలంలో అదే ఆవర్తంలో పైకి పోయి కిందికి కూడా వచ్చేయాలి.

హారిక ఏం చేసిందంటే, రెండో కాలం అనగానే చేతినే వేగంగా వేసింది. నోరూ చెయ్యీ కలిసి పరిగెత్తాయి, లెక్కకు ఒక్క స్వరమే పడింది. అంటే దానికి రెండో కాలం రాలేదు, మొదటి కాలాన్నే గబగబా పాడుతోంది. అది పిల్ల తప్పు కాదు, ఇన్నాళ్ళూ దాని చెయ్యి చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు గీతంలో ఇది బయటపడదు, ఎందుకంటే గీతాన్ని ఒకే నడకలో పాడేస్తారు. గీతానికి పై మెట్టయిన వర్ణం రెండు కాలాల్లో పాడమన్న రోజున మాత్రం దొరికిపోతుంది. అప్పుడు వెనక్కి వచ్చి దిద్దుకోవడం పిల్లకు చాలా కష్టం.

కాబట్టి ఇద్దరినీ నువ్వు అడగవలసిన మొదటి ప్రశ్న, "మా అమ్మాయిని ఎక్కడి నుంచి మొదలుపెడతారు?" అని. వినకుండానే "అన్నీ మళ్ళీ మొదటి నుంచే" అన్నా నాకు నచ్చదు, "గీతం వచ్చింది కదా, స్వరజతి వేసేద్దాం" అన్నా నచ్చదు. శ్రుతి పెట్టి, ఒక వరుస మూడు కాలాల్లో పాడించి, దాని చెయ్యి చూసి ఆ తర్వాత మాట్లాడేవాళ్ళే కావాలి. నువ్వు నోరు విప్పకుండానే తాళం సంగతి వాళ్ళు పట్టుకున్నారా లేదా అన్నది చూడు. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

శ్రుతి గురించి కూడా అడుగు. శ్రుతి అంటే స ఎంత ఎత్తులో ఉండాలన్నది, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. చాలాచోట్ల పదిమంది పిల్లలను కూర్చోబెట్టి టీచరు తన గొంతుకు సరిపోయే శ్రుతిలోనే అందరి చేతా పాడిస్తారు. ఈ వయసు ఆడపిల్లలకు మామూలుగా అయిదు, అయిదున్నర, ఒక్కోసారి ఆరు శ్రుతి కుదురుతుంది. మగ టీచరు తన ఒకటో శ్రుతిలో పాడుతూ తనతో పాటు పాడమంటే పిల్లకు కింది స్వరాలు అందక గాలి మాత్రమే వస్తుంది. శ్రుతి మరీ ఎక్కువైతే పై షడ్జం, అంటే పై స దగ్గర గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు బిగుస్తాయి, స్వరం అరుపవుతుంది. ఇవి చూడటానికి సంగీతం రానక్కర్లేదు. మాగుంట లేఅవుట్ ఆయన దగ్గర మగపిల్లలు, పెద్దవాళ్ళు కూడా ఒకే బ్యాచ్‌లో ఉంటారన్నావు కనుక, హారికకు ఏ శ్రుతి పెడతారో, దానితో విడిగా ఎంతసేపు పాడిస్తారో ఆయన్ని సూటిగా అడుగు. గంట క్లాసులో ఒక్కసారైనా పిల్ల ఒంటరిగా పాడకపోతే దాని తప్పు గుంపులో కలిసిపోతుంది.

వేగం మాటకొస్తే, "నెలకు ఎన్ని పాఠాలు?" అని అడగొద్దు. "ఒక వరుస వచ్చిందని మీరు ఎప్పుడు అనుకుంటారు?" అని అడుగు. పుస్తకం మూసేసి, మూడు కాలాల్లో, స్వరాల పేర్లతోనూ, ఒట్టి 'ఆ' అనే అకారంతోనూ పాడాలి అంటే వాళ్ళకు పద్ధతి ఉన్నట్టే. వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ ఇరవై నిమిషాల సాధన ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లకు అలంకారాలు గట్టిపడటానికి ఏడాది పట్టినా నేను తొందరపెట్టను. స్కూలు యాన్యువల్ డేకి పాట కావాలని మీరే టీచరు మీద ఒత్తిడి పెట్టకండి. ఆ నెల రోజులూ వరుసలు మూలకు పోతాయి.

అల్లుడుగారు "బాలు గారు పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోకుండానే అంత పాడలేదా" అంటున్నారట. నెల్లూరులో ఈ మాట రాని ఇల్లు లేదులే! మన హారికకు అంత చెవి ఉందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, తాళం తప్పుతోందని మాత్రం నేను చెప్పగలను.

ఇక పరీక్షలు. సర్టిఫికెట్ పరీక్షకు పంపుతామని ఎవరైనా అంటే నువ్వు అడగాల్సినవి: ఆ పరీక్ష పెట్టేది ఎవరు, సిలబస్ కాగితం చూపిస్తారా, థియరీ ఎవరు చెబుతారు, ఫీజు విడిగానా. అన్నిటికంటే ముఖ్యంగా, "సిద్ధంగా లేని పిల్లను ఆపేస్తారా?" అని అడుగు. ఎప్పుడూ ఎవరినీ ఆపలేదని, అందరూ పాసేనని గొప్పగా చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్త. పరీక్షకు ఆరు నెలల ముందు నుంచి ఆ నాలుగు పాటలే రుద్దిస్తారు. రాగం పేరు, ఆరోహణ, అవరోహణ అడిగితే పిల్లకు తెలియవు.

అల్లుడుగారి మనసు కీబోర్డు మీద, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ గ్రేడు పరీక్షల మీద ఉందన్నావు. అక్కడా ఇదే తంతు. పియానో గ్రేడు పరీక్షలో నూరు మార్కులకు మూడు పాటలకు 66, స్కేళ్ళ వంటి టెక్నికల్ పనికి 14, మిగిలిన 20 చూసి వాయించడం, విని చెప్పడం వంటి పరీక్షలకు. పాస్ కావడానికి 60 చాలు. అంటే ఏడాదంతా మూడు పాటలే అరగదీసినా మిగతావాటిలో అరకొరగా గట్టెక్కిపోవచ్చు. సర్టిఫికెట్ వస్తుంది, కొత్త పేజీ తీస్తే పిల్ల బిక్కమొహం వేస్తుంది. అందుకని "పరీక్ష పాటలు కాక ఈ ఏడాది ఇంకేం నేర్పారు?" అని అడుగు.

చెన్నై ఆవిడ ఆన్‌లైన్ క్లాసుల గురించి కూడా అడిగావు. వీడియో కాల్లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక గురువూ శిష్యురాలూ కలిసి పాడలేరు, ఒకరి తర్వాత ఒకరు పాడాల్సిందే. తాళం గట్టిగా ఉన్న పిల్లకు ఫరవాలేదు. హారికకు ఇప్పుడు కావలసింది ఎదురుగా కూర్చుని చెయ్యి దిద్దేవాళ్ళు కాబట్టి ఈ ఏడాదికి వద్దు.

నా మొగ్గు మూలాపేట ఆవిడ వైపే ఉంది, కానీ నేను ఆవిడ పాఠం వినలేదు. శనివారం వెళ్ళినప్పుడు ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూస్తానని అడుగు. పాఠం రికార్డు చేసుకోనిస్తారేమో కూడా కనుక్కో, ఇంట్లో సాధనకు పనికొస్తుంది. హారికకు ఏ శ్రుతి పెట్టారో, మొదటి రోజు ఏం పాడించారో పుస్తకం చివర రాసి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ