కాలు 575 కాదు, 550

ప్రశ్న: "సాలిడ్‌వర్క్స్‌లో స్క్వేర్ పైపులతో ఫ్రేమ్ గీశాను. మూలల్లో పైపులు ఒకదాంట్లోకి ఒకటి దూరకుండా ట్రిమ్ చేసి, కట్ లిస్ట్ దానంతట అదే వచ్చేలా ఎలా చేయాలి?"

కట్ లిస్ట్ గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు, అది ఎలాగూ వస్తుంది. మీరు ట్రిమ్ చేయకపోయినా వస్తుంది. నా భయమంతా అక్కడే. లిస్ట్ వచ్చింది కదా అని నమ్మేసి షాపుకి పంపేస్తాం. నేను అలా పంపి ఏం తెచ్చుకున్నానో చెబుతాను, మీ జవాబు అందులోనే ఉంది.

మాది భీమవరం. రెండేళ్ల కిందట పక్కనున్న ఉండి ఊరి వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన మేత బస్తాల కోసం ఎనిమిది స్టాండ్లు కావాలన్నారు. నేల చెమ్మకి బస్తాలు కింద గడ్డకట్టేస్తున్నాయని ఆయన బాధ. బయటి కొలతలు పొడవు 1200, వెడల్పు 800, ఎత్తు 600 మి.మీ. అన్నీ 50×50 స్క్వేర్ పైపులే. పైన ఒక చట్రం, నాలుగు కాళ్లు, నేలకి 150 ఎత్తులో నాలుగు అడ్డ పైపులు. ఇంతకన్నా తేలిక ఫ్రేమ్ ఉండదు. గంటలో గీసి, కట్ లిస్ట్ ఫోటో తీసి వాట్సాప్‌లో షాపుకి పంపాను.

మర్నాడు పదకొండింటికి మేస్త్రి గారు ఫోన్ చేశారు. "బాబూ, ఒకసారి వచ్చి చూడండి, అడ్డ పైపు కాళ్ల మధ్యకి దిగట్లేదండి" అన్నారు. వెళ్లేసరికి ఒక స్టాండుకి పై చట్రం, నాలుగు కాళ్లు ట్యాక్ వేసి నిలబెట్టి ఉంది. టేపు పెడితే ఎత్తు 625. కాళ్ల మధ్య ఖాళీ 1100, చేతిలో పైపు 1150. అప్పటికే మిగతా ఏడు స్టాండ్ల ముక్కలూ కోసేసి, సుద్దతో కొలతలు రాసి గోడవారన పేర్చి ఉన్నాయి. ముప్పై రెండు కాళ్లు, ముప్పై రెండు అడ్డ పైపులు. అరవై నాలుగు ముక్కలూ మళ్లీ మెషీన్ ఎక్కించాల్సి వచ్చింది. ముక్కలు పెద్దవి కాబట్టి బతికిపోయాం. అదే పొట్టివైతే అంతా తుక్కే.

ఇంటికొచ్చి మోడల్ తెరిచాను. తెర మీద ఎక్కడా తప్పు కనబడలేదు. అన్ని వైపులా తిప్పి చూసినా మూలలు శుభ్రంగా కలిసే ఉన్నాయి. ఎందుకంటే కాలు పై చట్రం అడుగున ఆగకుండా 25 మి.మీ. లోపలికి, దాని నడిమధ్య వరకు వెళ్లిపోయింది. లోపల ఉన్నది బయటికెలా కనిపిస్తుంది? అడ్డ పైపు కూడా అటూ ఇటూ కాళ్ల లోపలికి 25 చొప్పున దూరి ఉంది. ట్రిమ్ చేసిన ఫ్రేమూ చేయని ఫ్రేమూ బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది లిస్టులో అంకెల్లోనే. దాన్ని నేను చదవకుండా పంపేశాను.

ఇలా ఎందుకవుతుందంటే, మనం గీసే గీత పైపు కాదు, పైపు నడిమి గీత. బయటి కొలత 1200 కావాలంటే గీత 1150 గీయాలి, 800 కి 750, ఎత్తు 600 కి 575. ఇది నేను సరిగ్గానే చేశాను. కాళ్ల గీతలు పై చట్రం గీతను తాకేదాకా వెళ్తాయి కాబట్టి వాటి పొడవు 575. ట్రిమ్ లేకపోతే లిస్టులోకి ఆ 575 యథాతథంగా వచ్చేస్తుంది. ఉండాల్సింది 575 లోంచి చట్రం సగం 25 తీసేసి, 550. అడ్డ పైపుకి రెండు కొసలా 25 పోవాలి, అంటే 1150 బదులు 1100, 750 బదులు 700.

నేను చేసిన అసలు తప్పు, పై చట్రానికి ఒకసారి, కాళ్లకి ఒకసారి, అడ్డ పైపులకి ఇంకోసారి `Structural Member` కమాండ్ విడివిడిగా వాడటం. విడి విడి ఫీచర్ల మధ్య సాఫ్ట్‌వేర్ తనంతట తాను ట్రిమ్ చేయదు. అన్నీ ఒకే ఫీచర్‌లో వేరు వేరు గ్రూపులుగా పెడితే, తర్వాతి గ్రూపు ముందు గ్రూపు దగ్గర ఆగుతుంది. కాబట్టి వరస ముఖ్యం. మొదటి గ్రూపులో పై చట్రం నాలుగు గీతలు, మూలకి `End Miter`, అంటే నలభై ఐదు డిగ్రీల కట్. `New Group` నొక్కి నాలుగు కాళ్లు. మళ్లీ `New Group`, పొడవు అడ్డ పైపులు రెండు. ఇంకో `New Group`, పొట్టివి రెండు.

అడ్డ పైపులు నాలుగూ ఒకే గ్రూపులో ఎందుకు పెట్టకూడదంటారేమో. ఒక గ్రూపులో గీతలన్నీ ఒకదానికొకటి తగులుతూ వరసగా పోవాలి, లేదా అన్నీ సమాంతరంగా ఉండాలి. నాలుగూ కలిపి పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకో చట్రం అనుకుని, కాలు లోపల వాటికి కూడా నలభై ఐదు కట్ వేయబోతుంది. జతలుగా విడదీస్తే ఆ గొడవ ఉండదు.

ఇప్పటికే విడి ఫీచర్లుగా గీసేసి ఉంటే చెరపనక్కర్లేదు. `Trim/Extend` తెరిచి `End Trim` పెట్టుకోండి. కోయాల్సినవాటిగా నాలుగు కాళ్లు, హద్దుగా `Face/Plane` ఎంచుకుని చట్రం అడుగు ముఖం చూపించండి. అడ్డ పైపులకి హద్దు కాళ్ల లోపలి ముఖాలు. తర్వాత ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. పై చట్రంలో ఒక పైపు మీద రైట్ క్లిక్ చేసి దాచేయండి. కాలు కొస దాని అడుగు ముఖం దగ్గరే ఆగిందో, ఇంకా పైకి పొడుచుకొచ్చిందో వెంటనే కనిపిస్తుంది. మనం బయటి నుంచి ఎంత తిప్పినా దొరకనిది ఈ ఒక్క క్లిక్‌తో దొరుకుతుంది.

మూల ఎలా ఉండాలన్నదాని మీద నాది గట్టి అభిప్రాయం. చెరువుల దగ్గర పెట్టే ఏ ఫ్రేమ్‌కైనా పై చట్రం మూలలు నలభై ఐదు కట్టే ఉండాలి. ఒక పైపు ఇంకో పైపుకి ఆనుకునే `End Butt` పద్ధతిలో పైపు నోరు తెరుచుకుని బయటికి ఉంటుంది. మా దగ్గర గాల్లోనే ఉప్పు. ఆ నోట్లోంచి చెమ్మ లోపలికి పోయి, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. మూత పెట్టి చుట్టూ వెల్డింగ్ చేస్తే పర్వాలేదు కానీ ఆ మూతల్ని నేను చూసిన షాపుల్లో సగం మంది ఎగ్గొడతారు, కస్టమర్ కూడా అడగడు. కాళ్ల అడుగున 5 మి.మీ. పలక వేయించుకుంటే ఇంకా మంచిది. అప్పుడు కాలు గీతని నేల నుంచి 5 పైకి ఆపాలి, లిస్టులో కాలు 545 వస్తుంది. పలక వేస్తూ గీత మార్చకపోతే ఎత్తు మళ్లీ తప్పుతుంది.

ఇక కట్ లిస్ట్. కట్ లిస్ట్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే `Create Cut Lists Automatically` ఉంటుంది, దానికి టిక్ ఉండాలి. అయినా ఫోటో తీసే ముందు `Update` నొక్కండి. ఒకేలా ఉన్న ముక్కల్ని అదే ఒక వరసలో చేరుస్తుంది. సరిగ్గా ట్రిమ్ అయిన స్టాండుకి నాకు వచ్చింది ఇది:

```
QUANTITY  LENGTH  ANGLE1  ANGLE2
2         1200    45      45
2         800     45      45
4         550     0       0
2         1100    0       0
2         700     0       0
```

ఇక్కడ రెండు చూడండి. నలభై ఐదు కట్ ఉన్న ముక్కకి `LENGTH` అంటే పొడుగు వైపు కొలత, కొస నుంచి కొస దాకా. లోపలి వైపు 1100 ఉంటుంది. షాపులో లోపలి వైపు 1200 పట్టుకుని కోస్తే చట్రం 1300 అయి కూర్చుంటుంది, అందుకే నేను లిస్ట్ పక్కన "బయటి వైపు" అని చేత్తో రాస్తాను. రెండోది, ఒకే వరసలో ఉండాల్సినవి రెండు వరసలుగా విడిపోతే అనుమానించండి. నాలుగు కాళ్లకి బదులు మూడు 550, ఒకటి 575 అని వచ్చిందంటే ఒక కాలు ట్రిమ్ కాలేదన్నమాట. నిజానికి నాలుగూ తప్పయితేనే కష్టం, అప్పుడు వరస ఒక్కటే ఉంటుంది, అనుమానం రాదు. నాకు జరిగింది అదే. అందుకని ఒక కాలు, ఒక అడ్డ పైపు కాగితం మీద చేత్తో లెక్కేసి సరిచూసుకుంటాను. రెండు తీసివేతలు, నిమిషం పని.

యూట్యూబ్ పాఠాల మీద నా కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆకుపచ్చ టిక్ నొక్కగానే "అంతే ఫ్రెండ్స్" అని ఆపేస్తారు. ఆ ముక్క కోసే మనిషి ఒకడున్నాడని, ఆయన ఆరు మీటర్ల బారు ముందు నిలబడి ఉంటాడని ఒక్కరూ చెప్పరు. మన సైజు పైపు లైబ్రరీలో లేకపోతే ఏం చేయాలో కూడా చెప్పరు. "50 పైపు" అని అమ్మేది చాలాసార్లు 49.5 ఉంటుంది, మన దేశపు పైపుల ప్రమాణం ఐఎస్ 4923 లో ఆ సైజు ఉంది. వెర్నియర్‌తో కొలిచి, ఆ సైజుకి ప్రొఫైల్ గీసి `.sldlfp` ఫైలుగా దాచుకోండి. ఈ స్టాండుకి అర మిల్లీమీటరు వెల్డింగ్‌లో కలిసిపోతుంది, పెద్ద ఫ్రేముల్లో పేరుకుంటుంది.

బారు సంగతికొస్తే, కట్ లిస్ట్ ముక్కల పొడవులే చెబుతుంది, మెషీన్ బిళ్ల తినేసే ఇనుముని లెక్కలోకి తీసుకోదు. ఎనిమిది స్టాండ్లకి 1200 ముక్కలు పదహారు కావాలి. ఆరు మీటర్ల బారులో ఐదు వస్తాయని కాగితం మీద ఉంటుంది. తిన్నగా కోస్తే రావు. బిళ్ల ఒక్కో కోతకి 3 మి.మీ. దాకా తింటుంది, నాలుగు కోతలకి 12 పోయి ఐదో ముక్క 1188 అవుతుంది. ఈ మాట నేను అన్నప్పుడు మేస్త్రి గారు, "ఇవి నలభై ఐదు కట్ కదండీ, బారు తిప్పి కోస్తే ఐదూ వచ్చేస్తాయండి" అన్నారు. కోసి చూపించారు కూడా. ఒక కోత వేశాక బారుని బోర్లా తిప్పి తర్వాతి కోత వేస్తారు. అప్పుడు ఒక ముక్క పొడుగు వైపు పైకి, పక్క ముక్కది కిందికి వస్తుంది. ఒకే ఏటవాలు కోత రెండు ముక్కలకీ పనికొస్తుంది. ఒక్కో ముక్కకి బారులో 1150 మాత్రమే ఖర్చవుతుంది. ఐదు ముక్కలకి 5750, చివరి ఏటవాలుకి 50, బిళ్ల తినేది కలుపుకున్నా 5830 లోపే. బారులో ఇంకా దాదాపు జానెడు మిగిలింది. కాబట్టి మీ లిస్టులో నలభై ఐదు ముక్కల్ని విడిగా ఒక గుంపుగా, తిన్నటి ముక్కల్ని ఇంకో గుంపుగా రాసి షాపుకివ్వండి, వాళ్లు బారు ఎలా తిప్పాలో చూసుకుంటారు.