శనివారం రాత్రి పెగ్గులు, సోమవారం పొద్దున స్క్వాట్లు

చిన్నూ,

నువ్వు పంపిన జిమ్ నోట్‌బుక్ ఫొటోలు అన్నీ రెండుసార్లు చూశాను. ఆరు వారాలుగా స్క్వాట్ 100 కిలోల దగ్గరే ఆగిపోయిందని, ప్రోటీన్ పౌడర్ మార్చినా లాభం లేదని రాశావు. చివర్లో ఒక ప్రశ్న కూడా అడిగావు: "మావయ్యా, తాగితే ఎక్సర్‌సైజ్‌కి ముందు రోజు రాత్రి తాగడం నయమా, తర్వాత నయమా?" నీ కష్టానికీ ఈ ప్రశ్నకీ సంబంధం ఉందని నువ్వు అనుకుని ఉండవు. నాకు మాత్రం నీ పేజీల్లోనే కనిపించింది.

శనివారం సాయంత్రం ఆరింటికి కాళ్ల వర్కవుట్, అదీ గట్టిగా. తొమ్మిదింటికి స్నేహితులతో కూర్చుంటావు. ఆదివారం రెస్ట్. సోమవారం పొద్దున ఏడింటికి మళ్లీ స్క్వాట్లు. ఆ సోమవారాల్లో నాలుగింటికి పక్కన నువ్వే "బరువుగా ఉంది" అని రాసుకున్నావు. ఆ నాలుగూ పార్టీ జరిగిన వారాలే అని నీ ఉత్తరంలో నువ్వు చెప్పిన తేదీలతో పోల్చి చూస్తే తెలిసింది.

ముందు లెక్క చూద్దాం. నువ్వు తీసుకునేది 60 మిల్లీలీటర్ల పెగ్గులు నాలుగు అన్నావు. అంటే 240 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 40 శాతం అనుకుంటే 96 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక కాబట్టి గ్రాముల్లోకి మార్చడానికి 0.79తో గుణించాలి. సుమారు 76 గ్రాములు వస్తుంది. నీ బరువు 75 కిలోలు. అంటే కిలోకి ఒక గ్రాము చొప్పున పడుతోంది. బీరైనా లెక్క ఇదే: 5 శాతం బీరు అర లీటరు తాగితే దాదాపు 20 గ్రాములు, అంటే ఒక పెద్ద పెగ్గుతో సమానం. బీరే కదా అని తేలిగ్గా తీసుకోకు.

ఈ కిలోకి ఒక గ్రాము అన్నది గుర్తుపెట్టుకో. న్యూజిలాండ్‌లో మాసీ యూనివర్సిటీ వాళ్లు 2010లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇంతే ఇచ్చారు. తొడ ముందు కండరాన్ని గట్టిగా అలసిపోయేలా 300 సార్లు పని చేయించారు. అది మామూలు పని కాదు, బరువును ఆపుతూ కిందికి దించే రకం. స్క్వాట్‌లో నువ్వు కిందికి దిగేటప్పుడు కండకు జరిగేది అదే, మర్నాటి నొప్పులు ఎక్కువగా వచ్చేది కూడా దాని వల్లే. తర్వాత ఒకసారి వోడ్కా కలిపిన ఆరెంజ్ జ్యూస్, మరోసారి ఇంకో కాలితో అదే పని చేయించి ఉత్త జ్యూస్ ఇచ్చారు. మందు తాగినప్పుడు కాలి బలం ఎక్కువగా పడిపోయింది. ఆ తేడా బాగా కనిపించింది 36 గంటల దగ్గర. శనివారం సాయంత్రం ఏడింటికి నీ వర్కవుట్ అయిపోతుంది. దానికి 36 గంటలు కలిపి చూడు. సోమవారం పొద్దున ఏడు.

అదే వాళ్లు కిలోకి అర గ్రాము ఇచ్చి చూసినప్పుడు బలంలో అలాంటి తేడా రాలేదు. నీ బరువుకు అది రెండు పెద్ద పెగ్గుల లోపే. అందుకే ఒక్క చుక్క తాగితే కండ కరిగిపోతుందని నిన్ను భయపెట్టను. ఎంత తాగావన్నదే ఇక్కడ అసలు విషయం. అయితే వాళ్లు పరీక్షించింది కొద్దిమంది కుర్రాళ్లనే. అందరికీ గీత అక్కడే ఉంటుందని చెప్పలేం.

"నేను తాగే ముందు ప్రోటీన్ తాగుతున్నాను కదా" అంటావు. తాగు, మంచిదే. కానీ అది మొత్తం కాపాడదు. వర్కవుట్ తర్వాత ప్రోటీన్ తీసుకుంటే కండలో కొత్త ప్రోటీన్ తయారీ పెరుగుతుంది. దెబ్బతిన్న పోగులు బాగయ్యేది, మందమయ్యేది ఆ పని వల్లే. ఆస్ట్రేలియాలో 2014లో 8 మంది మగవాళ్లకు వర్కవుట్ చేయించి, కండ నుంచి చిన్న ముక్క తీసి ఆ తయారీని కొలిచారు. ప్రోటీన్‌తో పాటు మందు కూడా పడినప్పుడు, ఉత్త ప్రోటీన్‌తో పోలిస్తే అది 24 శాతం తగ్గింది. ప్రోటీన్ బదులు పిండిపదార్థాలు, మందు తీసుకున్నప్పుడు 37 శాతం తగ్గింది. వాళ్లకు ఇచ్చింది కిలోకి ఒకటిన్నర గ్రాము, నీ లెక్కలో ఆరు పెగ్గులు. నీకు నాలుగింటికి ఎంత తగ్గుతుందో ఆ అంకెలు చెప్పవు. కానీ మందు చేసే నష్టాన్ని ప్రోటీన్ పూర్తిగా సరిచేయలేదని మాత్రం తేలింది. డబ్బు పోసి కొన్న పౌడర్ పని సగంలో ఆగుతుంటే బ్రాండు మార్చి లాభం ఏముంది?

ఇప్పుడు నిద్ర సంగతి. నాకు ఎక్కువ దిగులు దీని గురించే, ఎందుకంటే "తాగితే బాగా నిద్ర పడుతుంది" అని నువ్వు రాశావు. పడుకోగానే నిద్ర పట్టడం నిజమే. మొదటి సగం రాత్రి మొద్దు నిద్ర కూడా పడుతుంది. కలలు వచ్చే నిద్ర మాత్రం తగ్గుతుంది. మామూలుగా ఆ తొలి గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ బాగా విడుదలవుతుంది, మందు పడితే అదీ తగ్గుతుంది. నిద్ర లోతుగా ఉన్నట్టే ఉంటుంది కానీ దాని పని అది చేయదు. రక్తంలో ఆల్కహాల్ తగ్గుతూ వచ్చే కొద్దీ రెండో సగం చెదిరిపోతుంది. మూడింటికో నాలుగింటికో కళ్లు తెరుచుకుంటాయి. నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. దిండు మీద చెవి ఆనిస్తే గుండె దడదడ వినిపిస్తుంది. బాత్రూంకి వెళ్లి వచ్చి పడుకుంటావు, కానీ తెల్లారేదాకా కునికిపాట్లే. గొంతు కండరాలు వదులై గురక కూడా ఎక్కువవుతుంది.

నీ చేతికి వాచీ ఉంది కదా, అందులో రాత్రి పల్స్ చూడు. మామూలు శనివారం నిద్రలో నీ గుండె కొట్టుకున్న వేగం, పార్టీ శనివారం వేగం పక్కపక్కన పెట్టుకో. నా దగ్గర శిక్షణ తీసుకునే ఒకతనికి మామూలుగా 52 ఉండేది, తాగిన రాత్రి 68. గుండె రాత్రంతా అలా పరిగెడుతుంటే ఒళ్లు తేరుకునేది ఎప్పుడు?

ఇక ముందు రోజు రాత్రి సంగతి. లివర్ గంటకు ఏడెనిమిది గ్రాముల ఆల్కహాల్‌నే ఖర్చు చేయగలదు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. కాఫీ, చన్నీళ్ల స్నానం, పరుగెత్తి చెమట పట్టించడం, ఏదీ దాన్ని తొందరపెట్టదు. చెమటలో పోయేది బహు కొద్ది. నీ 76 గ్రాములకు పది గంటలు పైగానే పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే పొద్దున ఏడింటికి కూడా కాస్త మిగిలి ఉండొచ్చు. పదకొండింటికి మొదలైతే చెప్పనే అక్కర్లేదు. ఆరింటికి బరువుల బార్ కింద నిలబడ్డావంటే, రాత్రి తాగిన మందు ఇంకా ఒంట్లో ఉండగానే వంద కిలోలు భుజాన వేసుకున్నట్టు. ఆ ఉదయం బండి నడపడం కూడా అంతే ప్రమాదం.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. నాకు 27 ఏళ్లప్పుడు రాత్రి ఒంటిగంట దాకా తాగి, ఆరింటికి బరువెత్తాను. తలనొప్పి లేదు, బాగానే ఉన్నాననుకున్నాను. నాలుగో రెప్‌లో లేస్తుంటే ఎడమ మోకాలు లోపలికి ఒరిగింది. అది ఒరుగుతోందని నాకు తెలిసేసరికే ఆలస్యమైంది. మూడు నెలలు బార్ ముట్టుకోలేదు. ఆ క్షణంలో కాలు ఎంత ఆలస్యంగా మాట విన్నదో ఇప్పటికీ గుర్తుంది. నీకు ఆ అనుభవం వద్దు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: ముందు రాత్రి తాగితే ఆ పొద్దుటి వర్కవుట్ ప్రమాదం, తర్వాత తాగితే చేసిన వర్కవుట్ కొంత వృథా. రెండింటికీ దూరంగా జరపాలి. పార్టీ శనివారమే కావాలంటే కాళ్ల వర్కవుట్ రోజు మార్చు. గట్టి కాళ్ల వర్కవుట్ గురువారం సాయంత్రం పెట్టుకో. శనివారం రాత్రికి 48 గంటలు దాటుతాయి, కండ బాగయ్యే పని చాలావరకు అప్పటికి అయిపోతుంది. శనివారం నడకో, ఒళ్లు సాగదీయడమో చాలు. ఆదివారం రెస్ట్. సోమవారం పైభాగానికి తేలికగా. రెండోసారి స్క్వాట్లు మంగళవారం సాయంత్రానికి మార్చు.

ఆ రాత్రి రెండు పెగ్గుల దగ్గర ఆగు. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకు, సరిగ్గా భోజనం చేసి కూర్చో. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య ఒక గ్లాసు నీళ్లు. చివరిది పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందే అయిపోవాలి. అందుకే తొమ్మిదికి కాదు, ఏడింటికి కూర్చోండి. మర్నాడు కాళ్ల నొప్పులకో తలనొప్పికో మాత్రల జోలికి వెళ్లకు. ఐబుప్రోఫెన్ ఆల్కహాల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది, పారాసిటమాల్ లివర్ మీద భారం వేస్తుంది.

ఎప్పుడైనా నాలుగు దాటిపోతే నిజాయితీగా నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాతి రెండు రోజులు బరువులు పెట్టకు. మూడో రోజు కూడా ఖాళీ బార్‌తో మొదలుపెట్టి చూడు. వార్మప్ సెట్లలోనే బార్ మెల్లగా లేస్తుంటే, పొద్దున పల్స్ ఇంకా ఎక్కువగానే ఉంటే, మూత్రం ముదురు పసుపులో వస్తుంటే ఆ రోజు కాళ్లు వదిలేయ్. ఒక వర్కవుట్ పోతే పోయేది ఏమీ లేదు.

ఇంకొక్క మాట, కోప్పడి కాదు. రెండు దగ్గర ఆగాలని కూర్చున్న ప్రతిసారీ నాలుగు దాటుతుంటే నాకు ఫోన్ చెయ్యి. ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గురువారం, మంగళవారం పేజీలు నాలుగు వారాలు పంపు. పక్కనే వాచీలోని రాత్రి పల్స్ కూడా రాయి. 100 కిలోల మొదటి సెట్ మంగళవారం ఎలా లేచిందో ముందు అదే చూస్తాను.

మీ మావయ్య