పోచంపల్లి చీర: ఫోటో చూసి నకిలీ అనొచ్చా?

“నల్గొండలో పోచంపల్లి ఇక్కత్ అని చీర అమ్మారు. ఫోటో పెట్టాను, అసలుదా నకిలీదా?”

ఫోటోలో డిజైన్ అంచులు గీత గీసినట్టున్నాయి. బహుశా ప్రింట్. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు, అందుకే అంచులు కాస్త చెదురుతాయి.

1. చాలామంది వదిలేసేది వెనక వైపు ఫోటో. పగటి వెలుగులో, ఒకేచోట రెండు వైపులా దగ్గరగా తీయండి. వెనక రంగు వెలిసినట్టుంటే ప్రింటే. రెండు వైపులా సమానంగా ఉన్నా మగ్గమా, పవర్‌లూమా అన్నది ఫోటో తేల్చదు.

2. బిల్లు, లేబుల్ ఫోటోలూ పెట్టండి. “ఇక్కత్ ప్రింట్” అని రాస్తే అది ప్రేరణతో చేసిన డిజైన్, అమ్మడం తప్పు కాదు. “రెప్లికా” అని చెప్పి అమ్మితే మీకు మోసం లేదు. కానీ పోచంపల్లి పేరు వాడితే ఆ మాట వాళ్లను కాపాడకపోవచ్చు. ప్రింట్‌కి “పోచంపల్లి ఇక్కత్” అని రాసిస్తే అది నకిలీ. ఆ పేరుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. 1999 జీఐ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు పడొచ్చు. నేతన్న కూలీకి గండి కొట్టేది ఇదే.

3. బిల్లు చూసేదాకా నా తీర్పు “ప్రింట్‌లా ఉంది” వరకే. షాపు పేరు పెట్టి నకిలీ అని రాయకండి.