షాపు ఆయనకు పంపే మెయిల్ గురించి

అబ్బాయీ,

కిరాణా షాపు ఆర్డర్ల యాప్ కోసం నువ్వు పంపిన ప్రపోజల్ మెయిల్ చదివాను. ఫ్లట్టర్, ఫైర్‌బేస్, అడ్మిన్ ప్యానెల్ అని మొదటి పేరా అంతా నింపేశావు. కిరాణా షాపు నడిపే ఆయన అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. మెయిల్ మళ్లీ రాసేముందు ఒక సాయంత్రం ఆయన గల్లాపెట్టె పక్కన కూర్చో. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చూడు. "కందిపప్పు కిలో, పోయినసారి ఇచ్చిన నూనె" అని ఉంటాయి. ఆ నూనె అయిపోతే ఆయన ఫోన్ చేసి, "ఇంకోటి పంపమంటారా?" అని అడుగుతాడు. నీ యాప్‌లో ఆ ఫోన్ పని ఎవరు చేస్తారో మెయిల్‌లో ఎక్కడా లేదు.

అందుకే మొదటి పేరా ఇలా రాయి: "ఆర్డర్ రాగానే మీరు లేని సరుకు పక్కన 'లేదు' అని నొక్కుతారు. కస్టమర్ బదులు సరుకు ఒప్పుకున్నాకే బిల్లు ఖాయమవుతుంది." తన రోజువారీ తలనొప్పి నీకు తెలుసని ఆయనకు అక్కడే అర్థమవుతుంది.

ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టించుకోవడం మొదటి విడతలో వద్దు. సరుకు లేకపోయిన ప్రతిసారీ డబ్బు వెనక్కి పంపాల్సి వస్తుంది. పైగా పేమెంట్ గేట్‌వే రెండు శాతం తీసుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 600 రూపాయల బిల్లుకు 14 రూపాయలు పోతాయి. పంచదార, నూనెల మీద మిగిలేదే కొంచెం. ఇంటి దగ్గర సరుకు ఇచ్చాక షాపు క్యూఆర్ చూపించి యూపీఐలో తీసుకుంటే ఆ కోత ఉండదు. ఈ లెక్క మెయిల్‌లో ఉన్నదున్నట్టు పెట్టు.

"పది రోజుల్లో ప్లే స్టోర్‌లో" అన్న మాట కొట్టెయ్. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది 14 రోజులు వరుసగా టెస్టింగ్‌లో ఉండాలి, ఆ తర్వాతే విడుదలకు అడగనిస్తారు. ఖాతా ఆయన పేరు మీదే తెరిపించు. ఒక్కసారి కట్టే 25 డాలర్లు ఆయనవే అని కూడా రాయి. ఒకసారి నేను ఓ షాపు యాప్‌ని నా ఖాతాలో పెట్టాను. రెండేళ్లకు వాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ యాప్‌ని వాళ్ల ఖాతాకు మార్చి ఇచ్చేలోపు మా మధ్య మాటలు పోయాయి. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

నువ్వు అడిగిన 60,000 సరైనదే. విడతలే మార్చు. మొదలుపెట్టేటప్పుడు 20,000, నిజమైన ఆర్డర్లు పది ఇళ్లకు చేరాక 25,000, విడుదలైన నెలకు 15,000. "సగం పని అయ్యాక" అని రాస్తే ఆ సగం ఎక్కడుందో ఇద్దరూ వాదించుకుంటారు. పది ఆర్డర్లు ఆయనే లెక్కపెట్టుకుంటాడు.

ధర కిందే ఇందులో లేనివి రాయి: ఐఫోన్ యాప్, డెలివరీ కుర్రాడిని మ్యాప్‌లో చూపించడం, రోజూ ధరలు మార్చడం. ఆ చివరిది బాగా తెలిసేలా రాయి. ధరలు షాపులో ఎవరు మారుస్తారో వాళ్ల పేరు ఆయన్నే చెప్పమను. ఎవరూ లేరంటే 150 సరుకులతోనే మొదలుపెడదామని రాయి.

మార్చాక పంపించు, రాత్రి చూస్తాను.

మీ మామయ్య